వెయ్యి మందిని అడిగితే... 'మూడు శాతం అటూఇటూ' అంటే ఏమిటి?

2023 డిసెంబర్ 3న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల లెక్కింపు ముగిసేసరికి కాంగ్రెస్‌కు 39.40 శాతం, బీఆర్‌ఎస్‌కు 37.35 శాతం ఓట్లు వచ్చాయి. రెండింటి మధ్య తేడా రెండు శాతం, ఆపైన పిసరంత. ఆ కాస్త తేడాకే ప్రభుత్వం మారిపోయింది. 119 సీట్లలో కాంగ్రెస్ 64, బీఆర్‌ఎస్ 39 గెలుచుకున్నాయి.

ఇప్పుడు ఆ ఎన్నికలో పోలైన రెండు కోట్లకు పైగా ఓట్లన్నీ ఒకచోట పోసి, కళ్లు మూసుకుని లాటరీ తీసినట్టు వెయ్యి ఓట్లు బయటికి తీశామనుకుందాం. ఇంతకంటే నిక్కమైన సర్వే ఉండదు. ఇందులో అబద్ధం చెప్పేవాళ్లు లేరు, తలుపు వేసుకునేవాళ్లు లేరు, ఎవరి పక్షమో పట్టే సర్వేయరూ లేడు. ఆ వెయ్యి ఓట్లలో కాంగ్రెస్సే ముందుంటుందా?

వందసార్లు ఇలా తీస్తే సుమారు 77 సార్లు ఉంటుంది. మిగతా 23 సార్లు బీఆర్‌ఎస్ ముందున్నట్టో, రెండూ సమానమన్నట్టో కనిపిస్తుంది. ఎక్కడా ఏ తప్పూ జరగకుండానే, దాదాపు నాలుగింట ఒకసారి ఫలితం తలకిందులుగా వస్తుందన్నమాట. సర్వేల అడుగున చిన్న అక్షరాల్లో వేసే 'మార్జిన్ ఆఫ్ ఎర్రర్ ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం' అనే మాట ఈ సంగతినే చెప్పడానికి ప్రయత్నిస్తుంది. కాకపోతే చాలా కొంచెమే చెబుతుంది.

ఆ మూడు శాతం ఎక్కడిదో ముందు చూద్దాం. మన వెయ్యి ఓట్ల కుప్పలో కాంగ్రెస్ ఓట్లు సరిగ్గా 394 రావాలి. కానీ లాటరీ కాబట్టి ఒకసారి 381 వస్తాయి, ఇంకోసారి 410 వస్తాయి. అలా వేలసార్లు తీసి వచ్చిన అంకెలన్నీ వరుసగా పేరిస్తే, ఎక్కువ భాగం 394 చుట్టూ గుమిగూడతాయి. దూరం పోయేకొద్దీ పలచబడతాయి. వందలో 95 సార్లు ఆ అంకె 364కీ 424కీ మధ్యే ఉంటుంది. అంటే 394కు ముప్పై అటు, ముప్పై ఇటు. వెయ్యిలో ముప్పై అంటే మూడు శాతం. సర్వే సంస్థ చెప్పే ప్లస్ ఆర్ మైనస్ 3 ఇదే. సగం సగంగా చీలిన ప్రశ్నకు ఈ అంకె గరిష్ఠంగా ఉంటుంది కనుక సంస్థలు సాధారణంగా దాన్నే వేస్తాయి. దాని లెక్క ఇదీ:

1.96 × √(0.25 ÷ 1000) = 0.031

అంటే 3.1 శాతం. ఇంత లెక్క వద్దనుకునేవాళ్లు ఒకటిని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే చాలు. వెయ్యికి వర్గమూలం 31.6, దాంతో ఒకటిని భాగిస్తే మూడు శాతం పైచిలుకు వస్తుంది.

ఈ లెక్కలో రాష్ట్ర జనాభా ఎక్కడా లేదన్నది గమనించాలి. 'మూడు కోట్ల ఓటర్లుంటే వెయ్యి మందిని అడిగి ఏం తేలుస్తారు' అని చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, కానీ లెక్క అలా నడవదు. బాగా కలిపిన సాంబారు ఉప్పు చూడటానికి చిన్న గిన్నెకైనా, పెళ్లివారి గుండిగకైనా గరిటెడే చాలు. లక్ష మంది ఉన్న పట్టణమైనా, ఉత్తరప్రదేశ్ అంత రాష్ట్రమైనా వెయ్యి మంది శాంపిల్‌కు అటూఇటూ మూడు శాతమే. శాంపిల్ పెంచితే పొరపాటు తగ్గుతుంది కానీ చాలా నిదానంగా తగ్గుతుంది. మూడు శాతాన్ని ఒకటిన్నరకు దించాలంటే రెండు వేల మంది చాలరు, నాలుగు వేల మంది కావాలి. ఖర్చు నాలుగింతలై, లాభం రెండింతలే అవుతుంది. ప్రపంచమంతటా సర్వే సంస్థలు వెయ్యి దగ్గర ఆగడానికి పెద్ద కారణం ఇదే.

'వందలో 95 సార్లు' అన్న మాటను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. మిగతా ఐదుసార్లు అంకె ఆ గీతలు దాటి పోతుంది. ఒక ఎన్నికల సీజన్‌లో ఇరవై సర్వేలు వస్తే, అన్నీ నిజాయితీగా చేసినవే అయినా, ఒకటి మూడు శాతానికి మించి పక్కకు పోవడం మామూలే. అందరి కళ్లూ పడేది ఆ ఒక్క సర్వే మీదే. మిగతా పందొమ్మిదీ చెప్పింది వార్త కాదు, ఇదొక్కటీ 'సంచలనం' అవుతుంది.

జనం ఎక్కువగా తడబడేది ఇంకోచోట. ఆ మూడు శాతం ఒక్క పార్టీ ఓట్ల శాతానికి చెందినది. ఎవరు ముందున్నారు, ఎంత ముందున్నారు అన్న ప్రశ్నకు అది సరిపోదు. లాటరీలో కాంగ్రెస్‌కు పొరపాటున నాలుగు ఓట్లు ఎక్కువ వచ్చాయంటే, అవి ఇతరుల దగ్గర తగ్గినవే. అందులో పెద్ద వాటా బీఆర్‌ఎస్‌దే అయి ఉంటుంది. ఒకరిది పెరగడం, రెండోవారిది తగ్గడం కలిసి నడుస్తాయి కనుక తేడాలో పొరపాటు దాదాపు రెట్టింపవుతుంది. తెలంగాణ అంకెలతోనే లెక్క కడితే, వెయ్యి మంది సర్వేలో ఆధిక్యం మీద మార్జిన్ ఆఫ్ ఎర్రర్ 5.4 శాతం. నిజమైన ఆధిక్యం రెండు శాతం. అందువల్ల పూర్తిగా సవ్యంగా చేసిన సర్వే కూడా కాంగ్రెస్ ఏడు శాతం ముందున్నట్టు చూపొచ్చు, బీఆర్‌ఎస్ మూడు శాతం ముందున్నట్టూ చూపొచ్చు. రెండూ లెక్క ఒప్పుకునే ఫలితాలే. ఆ ఎన్నికలో రెండు శాతం తేడాను పట్టుకోవాలంటే ఆధిక్యంపై మార్జిన్‌ను రెండు శాతానికి దించాలి. అందుకు శాంపిల్ ఏడు వేలు దాటాలి, అదీ లాటరీ అంత శుద్ధంగా తీస్తేనే.

నెల తేడాతో వచ్చిన రెండు సర్వేలను పోల్చేటప్పుడూ ఇదే చిక్కు. మొదటి సర్వేలో ఒక పార్టీకి 41 శాతం, రెండో సర్వేలో 38 శాతం వస్తే 'మూడు శాతం జారిపోయిన ఆదరణ' అని శీర్షిక పెట్టేస్తారు. రెండు సర్వేల్లోనూ పొరపాటు ఉంటుంది కనుక, వాటి మధ్య తేడాకు మార్జిన్ 4.4 శాతం దాకా వెళ్తుంది. జనం మనసు మారకపోయినా ఆ మూడు శాతం రావచ్చు.

సర్వే లోపలి వర్గాల సంగతి ఇంకా నాజూకు. వెయ్యి మందిలో యువ ఓటర్లు 150 మంది ఉంటే వాళ్ల అంకెలకు మార్జిన్ ఎనిమిది శాతం. 'యువతలో ఫలానా పార్టీకి 48, ఇంకోదానికి 40' అని రంగు రంగుల గ్రాఫ్ వేస్తే, దానిమీద గంటసేపు చర్చ నడుస్తుంది. ఆ చర్చ నిలబడటానికి కింద నేల లేదు. ఎవరికి వేస్తామో చెప్పలేమన్న వాళ్లను పక్కన పెట్టి మిగిలినవాళ్లతో శాతాలు కడితే శాంపిల్ ఇంకా చిక్కుతుంది. 150 మంది నోరు విప్పకపోతే అది వెయ్యి మంది సర్వే కాదు, 850 మంది సర్వే.

ఇంతవరకూ చెప్పిందంతా లాటరీ నిజంగా లాటరీ అయినప్పటి మాట. ప్రతి ఓటరుకూ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉంటేనే పై సూత్రం పనిచేస్తుంది. లేకపోతే ఎంత పెద్ద శాంపిల్ అయినా మోసం చేస్తుంది. ఇది తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు, కౌంటింగ్ రోజున అందరూ చూసేదే. లెక్కింపు కేంద్రంలో సాధారణంగా 14 టేబుళ్లు వేస్తారు. మొదటి రౌండులో మొదటి 14 పోలింగ్ కేంద్రాల ఈవీఎంలు, రెండో రౌండులో తర్వాతి 14 తెరుస్తారు. ఒక్కో రౌండులో పదివేలకు అటూఇటూగా ఓట్లు తేలతాయి. పదివేల ఓట్లంటే సూత్రం ప్రకారం పొరపాటు ఒక్క శాతమే ఉండాలి. అయినా మొదటి రౌండులో మూడు వేలతో ముందున్న అభ్యర్థి పన్నెండో రౌండుకు వెనకబడటం ఎన్నిసార్లు చూడలేదు! వరుస నంబర్ల కేంద్రాలు సాధారణంగా పక్కపక్క ఊళ్లవే. ఆ ఊళ్లలో ఒక పార్టీకి బలం ఉంటే అదే బలం పద్నాలుగు ఈవీఎంలలోనూ కనిపిస్తుంది. నియోజకవర్గమంతటి నుంచీ చెదురుమదురుగా ఏరిన వెయ్యి ఓట్లు ఈ పదివేల ఓట్ల కంటే నిజానికి దగ్గరగా ఉంటాయి.

సర్వేల్లోనూ ఇదే జరుగుతుంది. వెయ్యి మందిని రాష్ట్రమంతా వెదజల్లి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లడం అయ్యే పని కాదు. అందుకని ముందు కొన్ని నియోజకవర్గాలు, వాటిలో కొన్ని పోలింగ్ కేంద్రాలు, ఒక్కో కేంద్రం ఓటర్ల జాబితా నుంచి కొందరు, ఇలా మెట్లు మెట్లుగా ఎంచుకుంటారు. 50 కేంద్రాల్లో ఇరవై మంది చొప్పున అడిగారనుకుందాం. ఒకే వాడలో ఉండే ఇరవై మంది కులం, పని, నీటి సమస్య, స్థానిక నాయకుడు చాలావరకు ఒకటే. వాళ్ల ఓట్లూ కొంత ఒకే తీరున పడతాయి. పదో మనిషి కొత్తగా చెప్పేది తక్కువ. ఈ పోలికను సున్నా నుంచి ఒకటి వరకు ఉన్న కొలబద్ద మీద 0.05 అనుకున్నా, అంటే చాలా స్వల్పమే అనుకున్నా, ఇరవై మందిలో తొలి మనిషిని వదిలి 19ని దాంతో గుణించి ఒకటి కలిపితే 1.95 వస్తుంది. వెయ్యిని దాంతో భాగిస్తే 513. అడిగింది వెయ్యి మందినే అయినా సమాచారం విలువ 513 మందిదే. మార్జిన్ 3.1 నుంచి 4.3కు పెరుగుతుంది. వంద కేంద్రాల్లో పది మంది చొప్పున అడిగి ఉంటే ఈ నష్టం బాగా తగ్గేది. అందుకే ఒక సర్వే గురించి ఎంత మందిని అడిగారన్న దానికంటే ఎన్ని కేంద్రాల్లో అడిగారన్నది మంచి ప్రశ్న. ఆ అంకెను బయటపెట్టే సంస్థను కొంచెం ఎక్కువ నమ్మవచ్చు.

జాబితాలో పేరున్న మనిషి ఇంట్లో లేకపోతే ఏం చేశారన్నది ఇంకా మంచి ప్రశ్న. ఓటరు పొద్దున్నే పొలానికో కూలికో పోయి ఉంటాడు, లేదా వలస వెళ్లి పండక్కీ ఓటుకీ మాత్రమే ఊరికొస్తాడు. మళ్లీ సాయంత్రం, మళ్లీ మర్నాడు వెళ్లే ఓపికా డబ్బూ లేని సర్వేయరు పక్కింటి అరుగు మీద కూర్చున్న మనిషిని అడిగి కాగితం నింపుతాడు. వెయ్యి లెక్క పూర్తవుతుంది. అయితే ఇంట్లో దొరికేవాళ్లూ దొరకనివాళ్లూ ఒకేలా ఓటేస్తారన్న హామీ ఏమీ లేదు.

ఆ హామీ ఎంత డొల్లదో 2015లో బ్రిటన్‌లో తేలింది. ఆ ఏడాది మే 7న జరిగిన పార్లమెంటు ఎన్నికకు ముందు చివరి సర్వేలన్నీ కలిపి చూస్తే కన్సర్వేటివ్, లేబర్ పార్టీలు 34 శాతం దగ్గర సమానంగా ఉన్నాయి. హంగ్ తప్పదని అంతా అనుకున్నారు. లెక్కింపులో కన్సర్వేటివ్‌లకు దాదాపు 38, లేబర్‌కు 31 శాతం వచ్చి, డేవిడ్ కామెరాన్ సొంత మెజారిటీతో ప్రధానిగా కొనసాగారు. ఒక సర్వే తప్పితే దురదృష్టం అనుకోవచ్చు. కేవలం లాటరీ పొరపాటే అయితే కొన్ని సర్వేలు ఇటు, కొన్ని అటు తప్పాలి. అన్నీ ఒకే వైపు తప్పాయంటే ఎంపికలోనే ఏదో ఉంది.

ప్రొఫెసర్ ప్యాట్రిక్ స్టర్జిస్ నేతృత్వంలోని విచారణ బృందం ఒక్కో అనుమానాన్నీ పరీక్షించింది. జనం చివరి నిమిషంలో మనసు మార్చుకున్నారా? సిగ్గుపడి అబద్ధం చెప్పారా? ఇవేవీ అసలు కారణం కాదని తేల్చింది. సర్వేలకు దొరికినవాళ్లలో లేబర్ ఓటర్లు ఉండాల్సినదానికంటే ఎక్కువ, కన్సర్వేటివ్ ఓటర్లు తక్కువ ఉన్నారు. దానికి గట్టి సాక్ష్యం ఎన్నిక తర్వాత చేసిన రెండు పెద్ద సర్వేల్లో దొరికింది. వాటిలో చిరునామాలను లాటరీతో ఎంచి, మనిషి దొరికేదాకా మళ్లీ మళ్లీ ఇంటికి వెళ్లారు. కన్సర్వేటివ్ ఆధిక్యం ఒకదానిలో ఆరు, ఇంకోదానిలో ఎనిమిది శాతంగా వచ్చింది. నిజమైన తేడా ఆరున్నర. వాటిలో ఒకటైన బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వే ఇంకో సంగతి బయటపెట్టింది. మొదటిసారి తలుపు తట్టగానే దొరికినవాళ్లను మాత్రమే లెక్కేస్తే లేబర్ ఆరు శాతం ముందుంది. మూడు నుంచి ఆరుసార్లు తిరిగితే గానీ దొరకనివాళ్లలో కన్సర్వేటివ్ పదకొండు శాతం ముందుంది. తొలి తట్టుకే సర్వే ముగించి ఉంటే, శాంపిల్ ఎంత పెద్దదైనా ఫలితం తలకిందులే. ఆ తప్పు ప్లస్ ఆర్ మైనస్ 3లో ఎక్కడా కనిపించదు.

అలాంటి తప్పులు కలుపుకుంటే అసలు పొరపాటు ఎంత ఉంటుంది? అమెరికాలో హౌష్మంద్ షిరానీ-మెహర్, డేవిడ్ రాత్‌షైల్డ్, షరద్ గోయల్, ఆండ్రూ గెల్మన్ దీన్ని కొలిచారు. 1998 నుంచి 2014 వరకు అక్కడ రాష్ట్రాల స్థాయిలో జరిగిన 608 ఎన్నికలకు, ప్రచారం చివరి రోజుల్లో వచ్చిన 4,221 సర్వేలను అసలు ఫలితాలతో పోల్చారు. సగటున సర్వేలు మూడున్నర శాతం పక్కకు పోయాయి. సంస్థలు ప్రకటించే మార్జిన్ల ప్రకారం రావాల్సిన దానికి అది దాదాపు రెట్టింపు. వెయ్యి మంది సర్వే మీద రాసిన మూడును ఆరుగా చదువుకోవడం అతిజాగ్రత్త ఏమీ కాదు. ఫోన్లు, చిరునామాలు, ఓటర్ల రికార్డులు పక్కాగా ఉన్న దేశంలోనే ఇదీ సంగతి.

ఇక సీట్లు. మన టీవీల్లో ఓట్ల శాతం మూలన ఉంటుంది, సీట్ల అంకె తెర నిండా ఉంటుంది. వెయ్యి మంది శాంపిల్‌ను తెలంగాణలోని 119 నియోజకవర్గాలకు పంచితే ఒక్కో చోట ఎనిమిది మంది. ఎనిమిది మందిని అడిగి నియోజకవర్గ ఫలితం చెప్పడం అసాధ్యం కనుక సంస్థలు ఆ పని చేయవు. గత ఎన్నికల అంకెలు తీసుకుని, ఓట్ల శాతంలో సర్వే చూపిన మార్పును అన్ని చోట్లకూ కొంచెం హెచ్చుతగ్గులతో వర్తింపజేసి, ఎన్ని సీట్లు చేతులు మారతాయో లెక్క కడతాయి. ఓట్ల శాతంలో ఉన్న పొరపాటుకు ఈ ఊహల పొరపాటు తోడవుతుంది.

పైగా ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే మన పద్ధతిలో ఓట్లు కాస్త కదిలితే సీట్లు చాలా కదులుతాయి. తెలంగాణలో రెండు శాతం ఓట్ల తేడా 25 సీట్ల తేడా అయింది. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకి 2019లో 49.95 శాతం ఓట్లతో 175లో 151 సీట్లు వచ్చాయి. 2024లో 39.37 శాతం ఓట్లతో 11 సీట్లు వచ్చాయి. పదిన్నర శాతం ఓట్లు పోతే 140 సీట్లు పోయాయి. విడివిడిగా పోటీ చేసిన టీడీపీ, జనసేన, బీజేపీ రెండోసారి ఒక్కటవడం కూడా ఇందులో ఉంది. ఎవరితో ఎవరు కలిస్తే ఓటు ఎంతవరకు బదిలీ అవుతుందన్నది ఏ వెయ్యి మంది సర్వే సూత్రంలోనూ ఉండదు. సర్వే సంస్థ తన అంచనాతో నింపుకోవలసిన ఖాళీ అది.

కాబట్టి 'ఫలానా పార్టీకి 62 నుంచి 68 సీట్లు, మార్జిన్ ఆఫ్ ఎర్రర్ 3 శాతం' అని తెరమీద కనిపిస్తే ఆ రెండు అంకెలకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. మూడు శాతం ఓట్లది. 62కూ 68కూ మధ్య ఉన్న ఆరు సీట్ల పరిధి సంస్థ తన నమ్మకం కొద్దీ గీసుకున్నది. ఓట్లలో మూడు శాతం పొరపాటును సీట్లలోకి దించితే, గట్టి పోటీ ఉన్న రాష్ట్రంలో ఆ ఆరు కాస్తా అటో ముప్పై, ఇటో ముప్పై కావచ్చు.